వరిమడి బురదలో ఒక బ్యాక్టీరియా, దాని కోసం ఒక ప్లేటు

(మోతెలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



మనం ఈరోజు ఎవరి పేరు మీద కూర్చున్నామో ఆ మాస్టారు ఈ మోతె మనిషే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ల్యాబుల్లో లూపు పట్టినవాళ్లలో చాలామంది ఆయన దగ్గర పని నేర్చుకున్నారు. శాంపిల్ సీసా చేతికి వస్తే ఆయన ముందు సీసా చూసేవారు కాదు, దాని వెంట వచ్చిన ఫారం చదివేవారు. పేషెంటుది ఏ ఊరు, ఏం పని చేస్తాడు, జ్వరం ఎన్ని రోజులుగా ఉంది, శాంపిల్ ఒంట్లో ఎక్కణ్ణుంచి తీశారు? ఇవి రాసి లేకపోతే వార్డుకు ఫోను చేసి అడిగి, తానే రాసుకునేవారు. ఆ తర్వాతే ఫ్రిజ్ తెరిచి ఏ ప్లేటు తీయాలో తేల్చుకునేవారు. కల్చర్ మీడియా గురించి ఇవాళ నేను చెప్పదలుచుకున్నదంతా ఆ అలవాటులోనే ఉంది. ప్లేటును ఎంచుకునే పని ల్యాబులో కాదు, ఫారం మీద మొదలవుతుంది.

సెలెక్టివ్, డిఫరెన్షియల్, ఎన్‌రిచ్‌మెంట్ అని మూడు రకాలు రాసి, ఒక్కోదాని కింద అరడజను పేర్లు వరసపెట్టడం పరీక్షకు పనికొస్తుంది. బెంచి దగ్గర అంతగా ఉపయోగపడదు. అందుకని ఒకే ఒక్క బ్యాక్టీరియాను తీసుకుని, దాన్ని పట్టుకోవడానికి ఈ మూడూ ఎప్పుడు ఎలా అవసరమవుతాయో చెబుతాను. దాని పేరు బర్ఖోల్డేరియా సూడోమాలై. అది తెచ్చే జబ్బు మెలియాయిడోసిస్.

2025 సెప్టెంబరులో గుంటూరు దగ్గరి తురకపాలెం పేరు పత్రికల్లో రోజూ కనిపించింది. ఆ ఊళ్లో వరసగా జరిగిన మరణాల వెనక మెలియాయిడోసిస్ ఉందేమోనన్న అనుమానం వచ్చి, వైద్యబృందాలు ఊళ్లోకి వెళ్లాయి. ఆ మరణాలన్నిటికీ ఇదే కారణమని నేను అనడం లేదు. ఆ వార్తలు వచ్చేదాకా మన జిల్లాల్లో ఈ పేరు విన్నవాళ్లు ఎంతమంది అన్నదే నా ప్రశ్న. హైదరాబాద్ ఆసుపత్రుల నుంచి మెలియాయిడోసిస్ కేసుల నివేదికలు అంతకు ముందే వైద్య పత్రికల్లో వచ్చాయి. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 1,65,000 మందికి ఈ జబ్బు వస్తోందని, వాళ్లలో 89,000 మంది చనిపోతున్నారని 2016లో అచ్చయిన ఒక అంచనా చెప్పింది. అది లెక్కపెట్టి తేల్చిన సంఖ్య కాదు, వాతావరణాన్ని, నేలను, తెలిసిన కేసులను కలిపి కట్టిన అంచనా. చాలా దేశాల్లో ఈ బ్యాక్టీరియాను వెతికేవాళ్లే లేకపోవడం వల్ల అంచనా కట్టక తప్పలేదు.

ఈ బ్యాక్టీరియా మట్టిలోనూ నీళ్లలోనూ బతుకుతుంది. నీళ్లు నిలిచే వరిమళ్లు దానికి అనువైన చోటు. పుష్టికరమైన తిండేమీ అక్కర్లేదు. ఉత్త డిస్టిల్డ్ నీళ్లలో పదహారేళ్లు ఉంచినా బతికే ఉందని థాయ్‌లాండ్ పరిశోధకులు చూపించారు. కాలి పగుళ్లలోంచో, గాయంలోంచో, గాలివానలో తుంపరలు పీల్చడం వల్లనో, తాగే నీటితోనో ఒంట్లోకి వస్తుంది. వచ్చిన ప్రతి ఒక్కరికీ జబ్బు చేయదు. షుగరు ఉన్నవాళ్ల మీద మాత్రం ప్రత్యేకంగా విరుచుకుపడుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా ఉన్న వరిపొలాలనూ, ఆ పొలాల్లో కరిగట్లోకి దిగే నడివయసు రైతుల్లో షుగరు ఉన్నవాళ్లనూ ఒకసారి మనసులో పెట్టుకోండి. మన మట్టిలో ఆ బ్యాక్టీరియా ఉందని నేను తీర్పు చెప్పడం లేదు. ఉందో లేదో వెతికితేనే తెలుస్తుంది. వెతకాలంటే ప్లేటు కావాలి.

ఈ జబ్బును మొదట గుర్తించింది రంగూన్‌లో. 1911లో అక్కడి ఆసుపత్రి శవపరీక్షల గదిలో ఆల్ఫ్రెడ్ విట్మోర్ అనే పాథాలజిస్టు, ఆయన సహాయకుడు సి.ఎస్. కృష్ణస్వామి కొన్ని మృతదేహాల ఊపిరితిత్తుల్లోనూ, కాలేయంలోనూ, ప్లీహంలోనూ విచిత్రమైన చీముగడ్డలు చూశారు. గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ జబ్బు గడ్డల్లాగే ఉన్నాయి గానీ, కల్చర్‌లో పెరిగిన బ్యాక్టీరియా గ్లాండర్స్‌ది కాదు. ఇది ఈదుతూ కదులుతోంది, త్వరగా పెరుగుతోంది. 1912లో ఆ ఇద్దరి పేరుతో వ్యాసం వచ్చింది. ఆనాటి రంగూన్‌లో కొరంగీలని పిలిచే మన తెలుగు కూలీలు వేల సంఖ్యలో ఉండేవారు. చనిపోయినవాళ్లలో వాళ్లెందరో చెప్పే ఆధారం నా దగ్గర లేదు గానీ, ఆ ఊరు మనకు పరాయిది కాదని మాత్రం చెప్పగలను.

విట్మోర్, కృష్ణస్వామిలకు ఏ సెలెక్టివ్ మీడియమూ అవసరం పడలేదు. ఎందుకంటే వాళ్లు కల్చర్ చేసింది మూసుకుని ఉన్న గడ్డల్లోని చీమును. అలాంటి చీములో మరో బ్యాక్టీరియా ఉండదు. మామూలు అగార్ మీద వేసినా ఒకే రకం కాలనీలు వస్తాయి. మీడియా ఎంపికకు మొదటి సూత్రం ఇక్కడే దొరుకుతుంది. శాంపిల్ వచ్చిన చోట మామూలుగా ఏ బ్యాక్టీరియా ఉండకూడదనుకుంటే సెలెక్టివ్ ప్లేటు మీద ఆధారపడకూడదు. రక్తం, వెన్నులోని నీరు, కాలేయంలో గడ్డ, కీలులోని నీరు అలాంటివే. వాటికి పుష్టిగా ఉన్న, ఎవరినీ అడ్డుకోని మీడియం ఇవ్వాలి. అడ్డుకునే మందు వేసిన ప్లేటు మన బ్యాక్టీరియాను కూడా ఎంతో కొంత ఇబ్బంది పెడుతుంది. రక్తంలో ఉండేవి కొద్ది కణాలే, ఆ కొద్దింటిని పోగొట్టుకోకూడదు.

ఇప్పుడు ఒక పేషెంటును ఊహించుకుందాం. యాభై దాటిన రైతు, మోతె మండలంలో ఒక పల్లె. పదేళ్లుగా షుగరు. ఆగస్టులో నాట్లు వేసిన రెండు వారాలకు జ్వరం మొదలైంది. ఊళ్లో ఇంజెక్షన్లు వేయించుకున్నాడు, తగ్గలేదు. దగ్గు, బరువు తగ్గడం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ. టీబీ అనుకుని కళ్లె పరీక్ష చేస్తే నెగెటివ్. పన్నెండో రోజున సూర్యాపేటలో చేరాడు. అల్ట్రాసౌండ్‌లో కాలేయంలో, ప్లీహంలో చిన్నచిన్న గడ్డలు కనిపించాయి. డాక్టరుగారు ఫారం మీద ఇలా రాశారు: ‘షుగరు ఉంది, వరి రైతు, 12 రోజుల జ్వరం, కాలేయంలో ప్లీహంలో గడ్డలు, మెలియాయిడోసిస్ అనుమానం.’ ఆ ఒక్క వాక్యం ల్యాబులో ఏం మారుస్తుందో చూద్దాం.

ఆ వాక్యం లేకుండా కళ్లె వస్తే ల్యాబు మామూలుగా బ్లడ్ అగార్, మెక్‌కాంకీ ప్లేట్ల మీద వేస్తుంది. మెక్‌కాంకీ గురించి రెండు మాటలు చెప్పాలి. బైల్ లవణాలు ఉండటం వల్ల అది గ్రామ్ పాజిటివ్ వాటిని ఆపుతుంది, అంటే సెలెక్టివ్. లాక్టోజ్, న్యూట్రల్ రెడ్ ఉండటం వల్ల, లాక్టోజ్‌ను పులియబెట్టేవి గులాబీరంగుకు తిరుగుతాయి, పులియబెట్టనివి రంగు లేకుండా ఉంటాయి, అంటే డిఫరెన్షియల్ కూడా. ఒకే ప్లేటు రెండు పనులూ చేస్తుంది, కాబట్టి ఈ పేర్లను ప్లేట్ల రకాలుగా కాక ప్లేటు చేసే పనులుగా గుర్తుపెట్టుకోవడం మంచిది. మన బ్యాక్టీరియా మెక్‌కాంకీ మీద పెరుగుతుంది, రంగు లేకుండా. క్లెబ్సియెల్లా, ఈ.కోలి లాంటి గులాబీ కాలనీల మధ్య అది ఒక మూలన ఉంటుంది. మరీ జాగ్రత్తగా చూసినవాళ్లు ‘లాక్టోజ్ పులియబెట్టనిది, బహుశా సూడోమోనాస్’ అని రాస్తారు. లేదంటే నోటిలోని మామూలు బ్యాక్టీరియా అని పారేస్తారు. మెక్‌కాంకీ తప్పు చేయలేదు. పేగు బ్యాక్టీరియాను విడదీయడానికి పుట్టిన ప్లేటును మనం వేరే ప్రశ్న అడిగాం.

ఈ ప్రశ్న కోసమే పుట్టిన ప్లేటు ఆష్‌డౌన్ అగార్. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో పనిచేసిన లెస్లీ ఆష్‌డౌన్ 1979లో దీన్ని ప్రకటించాడు. దీని గొప్పతనమంతా ఒక గమనికలో ఉంది. గ్రామ్ నెగెటివ్ వాటిలో చాలావాటిని చంపే జెంటామైసిన్ ఈ బ్యాక్టీరియాను ఏమీ చేయదు. మందు లోపలికి రాగానే బయటికి తోసేసే పంపు దాని గోడలో ఉంది. వార్డులో మనకు శత్రువైన ఆ గుణాన్నే ఆష్‌డౌన్ ల్యాబులో వాడుకున్నాడు. వరి మీద పనిచేయకుండా గడ్డిని మాత్రం చంపే కలుపు మందును రైతు వాడినట్టు, బర్ఖోల్డేరియా తట్టుకుని మిగతావి తట్టుకోలేని మందును మీడియంలో కలిపాడు.

లీటరు ఆష్‌డౌన్‌కు ట్రిప్టిక్ సోయా బ్రాత్ పొడి 10 గ్రాములు, అగార్ 15 గ్రాములు, గ్లిసరాల్ 40 మిల్లీలీటర్లు, క్రిస్టల్ వయొలెట్ 5 మిల్లీగ్రాములు, న్యూట్రల్ రెడ్ 50 మిల్లీగ్రాములు పడతాయి. క్రిస్టల్ వయొలెట్ గ్రామ్ పాజిటివ్ వాటిని ఆపుతుంది. జెంటామైసిన్ మిగతా గ్రామ్ నెగెటివ్ వాటిని ఆపుతుంది. ఇంతవరకూ సెలెక్టివ్ పని. న్యూట్రల్ రెడ్‌ను మన కాలనీ లోపలికి పీల్చుకుని ఊదారంగుకు తిరుగుతుంది. గ్లిసరాల్ వల్ల ఆ కాలనీ రోజులు గడిచేకొద్దీ ఎండి ముడతలు పడుతుంది. అది డిఫరెన్షియల్ పని.

ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచి, 50 డిగ్రీలకు చల్లారాక జెంటామైసిన్ కలపాలి. ఆష్‌డౌన్ మొదటి వంటకంలో లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉండేది, ఇప్పుడు చాలాచోట్ల 8 వాడుతున్నారు. మన ఫార్మసీల్లో దొరికే ఇంజెక్షన్‌లో మిల్లీలీటరుకు 40 మిల్లీగ్రాములు ఉంటుంది. 8 మిల్లీగ్రాములంటే అందులో 0.2 మిల్లీలీటరే. అంత చిన్న కొలత దగ్గర చేయి కాస్త అటూఇటూ అయినా ప్లేటు గుణం మారిపోతుంది. అందుకని ఒక మిల్లీలీటరు ఇంజెక్షన్‌ను తొమ్మిది మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్లలో కలిపి, దానిలోంచి రెండు మిల్లీలీటర్లు లీటరు మీడియంలో వేయండి. నిదానంగా, బుడగలు రాకుండా, అంతా కలిసేలా ఫ్లాస్కు తిప్పండి. సరిగా కలవకపోతే కొన్ని ప్లేట్లలో మందు ఎక్కువ, కొన్నిట్లో తక్కువ పడి, ఒకే పేషెంటు శాంపిల్ రెండు ప్లేట్ల మీద రెండు కథలు చెబుతుంది. ప్రతి కొత్త బ్యాచిలోంచీ ఒక ప్లేటు మీద జెంటామైసిన్‌కు లొంగే మామూలు ఈ.కోలి ఒక గీత గీయాలి. అది పెరిగిందంటే మందు పడలేదు లేదా బలం పోయింది, ఆ బ్యాచి పారేయాలి. పెరగాల్సినది పెరుగుతోందో లేదో చూడటానికి చిన్న ల్యాబులో సూడోమాలై స్ట్రెయిన్ ఉంచుకోవడం మంచిది కాదు, ప్రమాదం. దాని చుట్టం బర్ఖోల్డేరియా సెపేషియా రిఫరెన్స్ స్ట్రెయిన్‌తో ఆ పని కానివ్వవచ్చు.

ఇక మన రైతు శాంపిల్స్. సోమవారం ఉదయం రక్తం రెండు బాటిళ్లలోకి, ఒక్కోదానిలో 8 నుంచి 10 మిల్లీలీటర్లు తీశారు. అల్ట్రాసౌండ్ చూస్తూ కాలేయం గడ్డలోంచి చీము లాగారు. కళ్లె తీసుకున్నారు, గొంతులోంచి స్వాబ్ తీసుకున్నారు. మూత్రం కూడా పంపారు. రక్తం పుష్టికరమైన బ్రాత్‌లోకే వెళ్లింది, దానికి ఏ అడ్డూ పెట్టలేదు. చీమును బ్లడ్ అగార్ మీద వేశారు, గడ్డ మూసుకున్నదే అయినా తోడుగా ఒక ఆష్‌డౌన్ మీదా వేశారు. కళ్లె, గొంతు స్వాబ్ మాత్రం కోట్ల కొద్దీ ఇతర బ్యాక్టీరియాతో నిండి ఉంటాయి. అవి బ్లడ్ అగార్, మెక్‌కాంకీలతో పాటు తప్పనిసరిగా ఆష్‌డౌన్ మీదికి వెళ్లాలి.

గొంతు స్వాబ్ గురించి అడుగుతారని తెలుసు. ఆయనకు గొంతునొప్పి లేదు కదా అంటారు. కళ్లె రాని పేషెంట్లలో, చిన్నపిల్లల్లో ఊపిరితిత్తుల్లోని బ్యాక్టీరియా గొంతు దాకా వచ్చి చిక్కుతుంది. అయితే అక్కడ దాని సంఖ్య చాలా తక్కువ. ప్లేటు మీద నేరుగా గీస్తే లూపుకు అందకపోవచ్చు. ఎన్‌రిచ్‌మెంట్ బ్రాత్ అవసరం ఇక్కడే. అగార్ లేని ఆష్‌డౌన్ ద్రవంలో లీటరుకు 50 మిల్లీగ్రాముల కొలిస్టిన్ కలిపి, అందులో స్వాబ్ ముంచి, 37 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచుతారు. కొలిస్టిన్‌ను కూడా ఈ బ్యాక్టీరియా పుట్టుకతోనే తట్టుకుంటుంది. పది కణాలున్నా, ఆ రెండు రోజుల్లో మిగతావాటికి అవకాశం లేకుండా అవి లక్షలవుతాయి. అప్పుడు ద్రవం పైపొర నుంచి ఒక లూపు తీసి ఆష్‌డౌన్ ప్లేటు మీద గీస్తే కాలనీలు కనిపిస్తాయి. పైపొరే ఎందుకంటే, ఈ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి, గాలి తగిలే చోటనే చేరుతుంది.

ఎన్‌రిచ్‌మెంట్ ఎంతసేపు అన్నది బ్యాక్టీరియాను బట్టి ఉంటుంది, ఇది తెలియక చాలామంది నష్టపోతారు. కలరా అనుమానంతో విరేచనం వస్తే ఆల్కలైన్ పెప్టోన్ వాటర్‌లో వేస్తాం. దాని క్షారగుణం విబ్రియోకు ఇష్టం, మిగతావాటికి కష్టం. విబ్రియో చాలా వేగంగా పెరుగుతుంది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది గంటల్లో పైపొర తీసి టీసీబీఎస్ ప్లేటు మీదికి మార్చేయాలి. రాత్రంతా వదిలేస్తే వెనకబడ్డవి పుంజుకుని విబ్రియోను ముంచేస్తాయి. మెలియాయిడోసిస్‌లో దీనికి పూర్తిగా విరుద్ధం. ఆరు గంటలకు తీస్తే ఏమీ ఉండదు, రెండు రోజులు ఆగాలి. టైఫాయిడ్‌కు మొదటి వారంలో రక్తమే మేలు, ఎన్‌రిచ్‌మెంట్ ఊసే వద్దు. తర్వాతి వారాల్లో విరేచనం పంపినప్పుడు మాత్రం సెలెనైట్ బ్రాత్ అవసరం. ఎన్‌రిచ్‌మెంట్‌కు మరో హద్దు కూడా ఉంది. బ్రాత్‌లో పెరిగాక, మొదట ఎన్ని కణాలు ఉండేవో చెప్పలేం. మూత్రంలో ఈ.కోలి లాంటి చోట్ల సంఖ్యే ముఖ్యం కాబట్టి దాన్ని ఎప్పుడూ ఎన్‌రిచ్‌మెంట్‌లో వేయకూడదు. బర్ఖోల్డేరియా సూడోమాలై మనిషి ఒంట్లో మామూలుగా నివాసం ఉండదు. అందువల్ల గొంతులో ఒక్క కాలనీ వచ్చినా జబ్బు ఉన్నట్టే లెక్క. సంఖ్య తెలియకపోవడం ఇక్కడ నష్టం కాదు.

మంగళవారం ఉదయం ఆష్‌డౌన్ ప్లేటు చూస్తే ఏమీ కనిపించదు, మహా అయితే సూదిమొన అంత చుక్కలు. ఇక్కడే చాలా ప్లేట్లు చెత్తబుట్టలోకి పోతాయి. ఇరవై నాలుగు గంటల్లో నెగెటివ్ అని రాసే అలవాటు ఈ జబ్బులో ప్రాణాంతకం. బుధవారానికి కాలనీలు ఊదారంగుకు తిరుగుతాయి, గురువారానికి ఎండి, చదునై, మధ్యలోంచి ముడతలు పడతాయి. ప్లేటును రోజూ చూస్తూ ఏడు రోజులు ఉంచాలి. మన ఎండాకాలంలో ఇంక్యుబేటర్‌లో ఏడు రోజులంటే అగార్ ఎండి బీటలు వారుతుంది. ప్లేట్లను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఇంక్యుబేటర్ అడుగున నీళ్ల గిన్నె ఉంచితే ఆ చిక్కు తీరుతుంది.

ఈలోగా మన రైతు రక్తం బాటిల్ బుధవారం పాజిటివ్ అయింది. గ్రామ్ స్టెయిన్‌లో గులాబీరంగు కడ్డీలు కనిపించాయి. రెండు కొసలూ ముదురుగా, మధ్య లేతగా, పిన్నీసు ఆకారంలో ఉన్నాయి. ఆ ఆకారం ఉంటే అనుమానం పెరుగుతుంది, లేకపోతే తగ్గదు, ఎందుకంటే అన్ని స్లైడ్లలోనూ అలా కనిపించదు. ఆ బాటిల్‌లోంచి బ్లడ్ అగార్ మీదికీ, ఆష్‌డౌన్ మీదికీ గీశారు. గొంతు స్వాబ్ ఆష్‌డౌన్‌లో ఊదారంగు కాలనీలు వచ్చాయి. వాటిని ఒకసారి ఆక్సిడేజ్ పరీక్షకు పెట్టారు, పాజిటివ్. తర్వాత మూడు డిస్కులు పెట్టారు. జెంటామైసిన్, కొలిస్టిన్ డిస్కుల చుట్టూ ఖాళీ లేదు, కో-అమాక్సిక్లావ్ డిస్కు చుట్టూ వెడల్పైన వలయం వచ్చింది. ఈ మూడింటి కలయిక దాదాపు సంతకం లాంటిది. సెపేషియా కూడా ఆష్‌డౌన్ మీద పెరుగుతుంది, మొదటి రెండు రోజులు చూపుకు కూడా కాస్త అలాగే ఉంటుంది, కానీ అది మామూలుగా కో-అమాక్సిక్లావ్‌కు లొంగదు. ఆటోమేటిక్ మెషీన్లు మన బ్యాక్టీరియాను సెపేషియా అని చెప్పిన సందర్భాలు చాలా దేశాల నుంచి వచ్చాయి. మెషీన్ ఏ పేరు చెప్పినా, ప్లేటు మీద ముడతలు పడ్డ ఊదారంగు కాలనీ ఉండి, మూడు డిస్కులూ ఇలా చదివితే వార్డుకు ఫోను చేయాల్సిందే. చివరి నిర్ధారణకు లేటెక్స్ పరీక్ష గానీ పీసీఆర్ గానీ కావాలి. మన దగ్గర లేకపోతే ఈ జబ్బు మీద చాలాకాలంగా పనిచేస్తున్న మణిపాల్, వెల్లూరు లాంటి చోట్లకు స్ట్రెయిన్‌ను పంపాలి.

ఒక హెచ్చరిక. ఈ కాలనీలకు మట్టివాసన ఉంటుందని పాత పుస్తకాల్లో చదివి, మూత తీసి వాసన చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. అనుమానం రాగానే ప్లేట్లన్నీ బయోసేఫ్టీ క్యాబినెట్‌లోకి వెళ్లాలి. ఫారం మీద అనుమానం రాసి ఉంటే ల్యాబు మనిషి మొదటి రోజునుంచే ఆ జాగ్రత్త పడతాడు. డాక్టరుగారు రాసే ఆ ఒక్క వాక్యం పేషెంటుకే కాదు, ప్లేటు తెరిచే వ్యక్తికీ రక్షణ.

సెలెక్టివ్ ప్లేటు మనల్ని మోసం చేసే చోటు కూడా చెప్పాలి. మలేసియాలోని సరవాక్‌లో దొరికిన సూడోమాలై స్ట్రెయిన్లలో ఎక్కువ భాగం జెంటామైసిన్‌కు లొంగుతాయని 2013లో తేలింది. వాటిలో ఆ పంపు పాడైపోయింది. అంటే అక్కడ ఒక్క ఆష్‌డౌన్‌నే నమ్ముకుంటే జబ్బున్న పేషెంట్లు నెగెటివ్‌గా బయటపడతారు. మన దేశంలో అలాంటివి సాధారణం కాకపోవచ్చు, కానీ ఒక సెలెక్టివ్ ప్లేటు పక్కన ఎప్పుడూ అడ్డులేని ప్లేటు ఒకటి ఉండాలన్న నియమం ఇందుకే. ఆ రెంటిలో ఒకటి చెప్పనిది రెండోది చెబుతుంది. కల్చర్‌కు కూడా ఒక పరిమితి ఉంది. ఒకసారి తీసిన శాంపిల్స్‌తో చూస్తే, జబ్బున్న పదిమందిలో ఆరుగురి దగ్గరే అది పట్టుబడుతుందని అంచనా. అందుకే అనుమానం బలంగా ఉంటే శాంపిల్స్ మళ్లీ తీయాలి, రిపోర్టు రాకముందే మందు మొదలుపెట్టాలి. మన రైతుకు సోమవారం సాయంత్రమే సెఫ్టజిడిమ్ మొదలైంది. కనీసం పది నుంచి పద్నాలుగు రోజులు ఇంజెక్షన్, ఆ తర్వాత కనీసం మూడు నెలలు కో-ట్రైమాక్సజోల్ మాత్రలు. మాత్రలు మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఊళ్లో మొదట వేసిన జెంటామైసిన్ ఇంజెక్షన్లు ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు ప్లేటే చెప్పింది.

మిగిలింది మట్టి. ఒక పొలంలో ఈ బ్యాక్టీరియా ఉందో లేదో చూడటానికి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఉన్నాయి. పైపైన గీకితే లాభం లేదు, 30 సెంటీమీటర్ల లోతు తవ్వాలి. పది గ్రాముల మట్టిని పది మిల్లీలీటర్ల ఎన్‌రిచ్‌మెంట్ ద్రవంలో కలపాలి. గొంతు స్వాబ్‌కు వాడింది కాదు, థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం, లవణాలు, కొలిస్టిన్ ఉన్న ద్రవం ఇది. థ్రియోనిన్ తప్ప మరో తిండి లేకపోవడంతో మట్టిలోని చాలా జాతులు ఆకలితోనే ఆగిపోతాయి. దాన్ని 40 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచి, పైపొర తీసి ఆష్‌డౌన్ మీద వేసి, ఏడు రోజులు చూడాలి. ఒక గుంతలో దొరికినది నాలుగడుగుల అవతల దొరకకపోవచ్చు. కాబట్టి ఒక మడిలో ఒక గుంత తవ్వి లేదని చెప్పడానికి వీల్లేదు. వరసలు గీసి చాలా గుంతలు తవ్వాలి. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. అక్కడ మైక్రోబయాలజీ చదివే విద్యార్థులకు ఇంతకన్నా దగ్గర్లో ఉన్న పరిశోధన మరొకటి నాకు తోచడం లేదు. క్యాబినెట్, శిక్షణ, అనుమతులు సమకూర్చుకుని చేయండి.

ఈ పనికి పెద్ద ఖర్చు లేదు. ఆష్‌డౌన్‌కు కావాల్సిన రంగులు, గ్లిసరాల్, జెంటామైసిన్ అరుదైన సరుకులేమీ కావు. వానాకాలంలో, జూలై నుంచి అక్టోబరు దాకా, వారానికి ఒక చిన్న బ్యాచి ప్లేట్లు పోసి ఫ్రిజ్‌లో ఉంచమని ల్యాబు మిత్రులను అడుగుతున్నాను. వైద్య మిత్రులను అడిగేది ఇంకా చిన్నది. జ్వరంతో వచ్చిన మనిషికి షుగరు ఉందా, పొలంలో దిగాడా అని అడిగి, ఆ రెండు మాటలూ ఫారం మీద రాసి పంపండి.